ఇంటర్వ్యూ తప్పితే మనిషి తప్పినట్టేనా?

ఒక కుర్రవాణ్ణి ఊహించుకోండి. ఊరు వెలుగోడు. వయసు ఇరవై ఆరు. నంద్యాలలో డిగ్రీ చదివాడు. తండ్రికి తెలుగుగంగ కాలువ కింద నాలుగెకరాల పొలం. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగానికి ఇది మూడో ప్రయత్నం. మొదటి రెండుసార్లూ రాతపరీక్షలోనే ఆగిపోయాడు. ఈసారి రాతపరీక్ష దాటి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాడు. కొత్త చొక్కా కుట్టించుకుని, కర్నూలు మీదుగా హైదరాబాదు వెళ్ళి వచ్చాడు. ఊళ్ళో సగం మందికి సంగతి తెలుసు. కొన్ని వారాల తరువాత ఫోనులో ఫలితం చూసుకున్నాడు. అతని నెంబరు లేదు.

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు టీ అంగడి వైపు వెళ్ళలేదు. మూడో రోజున తల్లితో ఒక్క మాటన్నాడు: "అమ్మా, నేను దేనికీ పనికిరాను."

ఈ వారం మనం మాట్లాడుకోవలసింది ఆ ఒక్క వాక్యం గురించి. ఉద్యోగం రాకపోవడం ఒక నష్టం; దానికి బాధపడటం సహజం. కాని "ఉద్యోగం రాలేదు" నుంచి "నేను పనికిరాను" దాకా మనసు వేసే గెంతు ఉన్నది చూశారూ, జబ్బుగా మారేది అదే. గెంతు ఎక్కడ జరిగిందో పట్టుకోగలిగితే బాధ బాధగా ఉండి తగ్గిపోతుంది. పట్టుకోలేకపోతే అది నిద్రనూ ఆకలినీ తినేసి, వైద్యుడు చూడవలసిన స్థితికి వస్తుంది.

ముందు లెక్క చూద్దాం

ఇటువంటి సమయంలో ఓదార్పు మాటలు చెవికెక్కవు. అంకెలు ఎక్కుతాయి. కాబట్టి మన కుర్రవాడి మార్కులే కాగితం మీద వేసి చూద్దాం.

బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ల ఎంపికలో మెయిన్ పరీక్షకు నూటికి ఎనభై పాళ్ళు, ఇంటర్వ్యూకి ఇరవై పాళ్ళు విలువ ఇస్తారు. ఇంటర్వ్యూ నూరు మార్కులకు జరుగుతుంది. అందులో జనరల్ అభ్యర్థులకు కనీసం 40 రావాలి, రిజర్వేషను ఉన్నవారికి 35. అంతకు తక్కువ వస్తే రాతపరీక్షలో ఎన్ని వచ్చినా లెక్కలోకి రారు.

మాట వరసకు మనవాడికి మెయిన్ పరీక్ష తాలూకు 80లో 38.4 వచ్చాయనుకోండి. ఇంటర్వ్యూలో నూటికి 48 వచ్చాయి. వాటిని ఇరవైకి మారిస్తే 9.6. రెండూ కలిపితే సరిగ్గా 48. అతని విభాగంలో చివరి ఉద్యోగం 48.6 దగ్గర ఆగిపోయింది. తేడా 0.6. ఇంటర్వ్యూ మార్కుల్లోకి మారిస్తే మూడంటే మూడు మార్కులు. 48కి బదులు 51 వచ్చి ఉంటే ఈపాటికి ఇంట్లో మిఠాయిలు పంచేవారు.

ఈ లెక్కలో రెండు సంగతులు గమనించండి. మొదటిది: బోర్డు అతన్ని పనికిరానివాడని అనలేదు. అలా అనదలిస్తే దానికి 40 అనే గీత ఉండనే ఉంది. అతను ఆ గీత దాటాడు. అంటే "ఈ మనిషి ఈ పనికి తగును" అనే బోర్డు రాసింది. తగినవాళ్ళు ఖాళీలకంటే ఎక్కువ మంది ఉన్నారు కనుక జాబితా అతని దాకా రాకుండానే అయిపోయింది. ఒక్కో ఖాళీకి ముగ్గురిని పిలిచారనుకుంటే, ముగ్గురూ బంగారం లాంటివాళ్ళయినా ఇద్దరు ఇంటికి వెళ్ళక తప్పదు.

రెండవది: ఆ మూడు మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి? అయిదుగురు కూర్చున్న బోర్డు ఒక అభ్యర్థితో పదిహేను, ఇరవై నిమిషాలు మాట్లాడుతుంది. పొద్దున్నే పిలిచిన వాడు వేరు, భోజనం వేళ దాటాక పిలిచిన వాడు వేరు. మనకంటే ముందు లోపలికి వెళ్ళినవాడు బ్రహ్మాండంగా చెప్పి ఉంటే మనం వెలవెలపోతాం. వాడు తడబడి ఉంటే మనం వెలుగుతాం. అదే మనిషి పక్క గదిలోని బోర్డు ముందు కూర్చుంటే మూడు నాలుగు మార్కులు అటూ ఇటూ కావడం వింతేమీ కాదు. మన ఇంట్లో తూకం రాయి రోజుకో బరువు చూపిస్తే దాన్ని నమ్మి బంగారం కొంటామా? కొనం. కాని ఆ రాయి చెప్పిన బరువును మన మనిషితనానికి మాత్రం అంటగట్టుకుంటాం.

తిరస్కరించిన వారినే మళ్ళీ పిలిచినప్పుడు

"ఇది మీరు ఓదార్పుకు చెప్పేమాట" అనవచ్చు. కాదు. దీన్ని అనుకోకుండా పరీక్షించి చూసిన సంఘటన ఒకటుంది.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వారి వైద్య కళాశాల ఉంది. 1979లో వారు ఎప్పటిలాగే సుమారు ఎనిమిది వందల మందిని ఇంటర్వ్యూ చేసి, వరుస క్రమంలో పేర్లు రాసుకుని, పైనున్న 350 మందిలోంచి 150 మందిని చేర్చుకున్నారు. అంతా అయిపోయాక ఆ రాష్ట్ర శాసనసభ "ఇంకా యాభై మందిని చేర్చుకోండి" అని ఆదేశించింది. అప్పటికి మంచి ర్యాంకుల వాళ్ళందరూ ఎక్కడో ఒకచోట చేరిపోయారు. మిగిలింది అట్టడుగున, 700కీ 800కీ నడుమ ఉన్నవాళ్ళు. ఇంటర్వ్యూలో వద్దనుకున్న వాళ్ళలోంచే యాభై మందిని పిలిచి చేర్చుకున్నారు.

తరువాత వైద్యులు కొందరు ఈ రెండు గుంపులనూ పోల్చి చూశారు. చదువు మధ్యలో మానేసిన వారెందరు, పరీక్షల్లో ఎలా చేశారు, ఆసుపత్రిలో రోగుల దగ్గర ఎలా పనిచేశారు, బహుమతులు ఎవరికి వచ్చాయి అని అన్నీ చూశారు. ముందు చేరినవారికీ, తిరస్కరించి పిలిచినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరి ర్యాంకుల్లో అంత తేడా ఎందుకు వచ్చింది? ఆ తేడాలో పెద్ద భాగం మార్కుల వల్ల వచ్చింది కాదు, ఇంటర్వ్యూ చేసినవారికి కలిగిన అభిప్రాయం వల్ల వచ్చింది. ఈ ఫలితాలు 1987లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయ్యాయి.

ఇది కాలేజీ సీటు సంగతి, ఉద్యోగం సంగతి కాదు, నిజమే. పైగా అక్కడ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిన వారందరూ అప్పటికే బాగా చదివినవాళ్ళు. దీన్నిబట్టి ఇంటర్వ్యూ అంటే ఉత్త లాటరీ అని చెప్పకూడదు. ముందుగా తయారుచేసుకున్న ప్రశ్నలనే అందరినీ అడిగి, జవాబుకు ఇన్ని మార్కులని నిర్ణయించి చేసే ఇంటర్వ్యూ కొంత మెరుగ్గానే మనిషిని పట్టిస్తుంది. కాని ఇంటర్వ్యూ వరకు వచ్చినవాళ్ళలో పైవాడికీ కిందివాడికీ మధ్య తేడా, ఆ అంకె చూపించినంత పెద్దది కాదు. ఇదీ మనం పట్టుకోవలసిన సంగతి.

మన న్యాయస్థానాలకూ ఈ సంగతి తెలుసు. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కళాశాలలో రాతపరీక్షకు నూరు మార్కులు, ఇంటర్వ్యూకి యాభై మార్కులు పెట్టి, ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాట్లాడి పంపించారని కేసు వస్తే, 1980 నవంబరులో సుప్రీంకోర్టు తప్పు పట్టింది. అటువంటి ఎంపికలో ఇంటర్వ్యూకి నూటికి పదిహేను కంటే ఎక్కువ మార్కులు కేటాయించడం న్యాయం కాదన్నది. ఇక మన ఇంటి సంగతే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో గ్రూప్-1తో సహా సర్వీస్ కమిషన్ ఉద్యోగాలన్నిటికీ ఇంటర్వ్యూలు తీసివేశారు. 2022లో గ్రూప్-1కు మళ్ళీ పెట్టారు. అదే 2022లో తెలంగాణలో గ్రూప్-1కు ఇంటర్వ్యూ తీసివేశారు. ఒక ఏడాది ఉంచి మరో ఏడాది తీసేయగల పద్ధతి మనిషి విలువకు కొలబద్ద ఎలా అవుతుంది?

ఖద్దరు గౌను కథ

మన తెలుగువాడి ఉదాహరణ ఒకటి చెబుతాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స గదిలో ఖద్దరు గౌను వేసుకున్నారు. అది ఆచార్యుడికి నచ్చలేదు. దాంతో రావలసిన ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులో చేరదామని ప్రయత్నిస్తే అదీ కుదరలేదు. మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకున్నారు. ఆ తరువాత అమెరికా వెళ్ళి హార్వర్డులో చేరారు. పేరు మోసిన పరిశోధనలు చేసినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. 1948లో మరణించేలోగా అక్కడ ఆయన ఆధ్వర్యంలో వచ్చినవే ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు ఇచ్చే డైఈథైల్ కార్బమజైన్. ఈనాడు ప్రతి గర్భిణికీ ఇచ్చే మాత్రల్లో ఆ ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

ఉద్యోగం రాని ప్రతివాడూ సుబ్బారావు అవుతాడని చెప్పడానికి ఈ కథ చెప్పలేదు. మద్రాసులో ఆయన్ని కాదన్నవారు కొలిచింది ఒక గుడ్డను, ఒక కాగితాన్ని. ఆయన చేతిలోని పనిని కొలవలేదు. మిమ్మల్ని కాదన్నవారు ఏం కొలిచారో, ఏం కొలవలేదో విడదీసి చూడండి. అంతే.

మనసు వేసే గెంతు

ఇన్ని లెక్కలు తెలిసినా రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. అప్పుడేం జరుగుతుందో చూద్దాం.

పశువు నెమరు వేస్తే మేత అరుగుతుంది. మనిషి అవమానాన్ని నెమరు వేస్తే అది అరగదు. వేసిన ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. "ఎందుకు నాకే ఇలా? ఎందుకు నేనిలాంటివాణ్ణి?" అనే ప్రశ్నకు జవాబు లేదు కనుక మనసు తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. ఇటువంటి నెమరు ఎంత ఎక్కువైతే దిగులు అంత ఎక్కువ కాలం ఉంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు.

అలాగని ఆలోచించడమే మానేయమంటే కుదరదు. ప్రశ్నను మార్చాలి. "ఎందుకు" అనే చోట "ఏమిటి, ఎక్కడ" అని అడగండి. "నాకెందుకు రాలేదు?" అనే దానికి జవాబు దొరకదు. "ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయాను? అప్పుడు ఏమన్నాను?" అనే దానికి దొరుకుతుంది. మన కుర్రవాణ్ణి ఇలా అడిగితే చెబుతాడు: "రెపో రేటు అంటే ఏమిటని అడిగారు, చెప్పాను. మీ జిల్లాలో రైతులకు ఎటువంటి అప్పులు కావాలని అడిగారు. నాకు తెలుసు. కాని ఇంగ్లీషులో చెప్పబోయి మధ్యలో మాటలు దొరక్క ఆగిపోయాను." చూడండి, "నేను పనికిరాను" అన్నది కాస్తా "తెలిసిన విషయాన్ని ఇంగ్లీషులో రెండు నిమిషాలు చెప్పడం సాధన చేయాలి" అయింది. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి ఉంది.

ఇక్కడ మరొక గోతి కూడా ఉంది. "అంతా సిఫారసులే, డబ్బులే" అనుకుంటే ఆ పూట మనసు తేలికపడుతుంది. అన్యాయం జరిగిందనడానికి ఆధారం ఉంటే ఆ దారిలో పోరాడవలసిందే. ఆధారం లేకుండా ఆ మాట పట్టుకుంటే మాత్రం మనం మార్చుకోగలిగినది కూడా మార్చుకోకుండా కూర్చుంటాం. పైగా ఆ కోపం తరువాతి ఇంటర్వ్యూ గదిలోకి మన వెంటే వస్తుంది.

మొదటి వారంలో ఏం చేయాలి?

మొదటి రెండు రోజులూ ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. చదువు మానేస్తాననీ, పుస్తకాలు అమ్మేస్తాననీ, ఊరు వదిలిపోతాననీ అనుకోవద్దు. ఏడుపు వస్తే ఏడవండి. ఆకలి లేకపోయినా వేళకు ఎంతో కొంత తినండి. ఒక జొన్నరొట్టె, ఇంత పప్పు చాలు. సారా, బ్రాందీ దగ్గరికి పోవద్దు. అవి ఆ పూటకు మత్తు ఇచ్చి, తెల్లవారుజామున నిద్ర చెడగొట్టి, దిగులును రెట్టింపు చేస్తాయి.

నిద్ర పట్టకపోతే మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు. అల్‌ప్రాజోలం వంటివి డాక్టరు రాస్తేనే వాడాలి; సొంతంగా మొదలుపెడితే అవి లేనిదే నిద్ర రాని స్థితి వస్తుంది. దానికి బదులు లేచే వేళను గట్టిగా పట్టుకోండి. రాత్రి ఎప్పుడు నిద్రపోయినా పొద్దున ఆరింటికే లేవండి. లేవగానే ఎండ తగిలేలా అరగంట నడవండి. వెలుగోడు వాళ్ళయితే చెరువు వైపో, పొలం వైపో వెళ్ళిరండి. సాయంకాలం నాలుగు దాటాక టీ, కాఫీ వద్దు. పక్క మీద ఇరవై నిమిషాలు దొర్లినా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చినప్పుడే మళ్ళీ పడుకోండి. ఫోను మాత్రం ఇంకో గదిలో ఉండాలి. ఎంపికైన వాళ్ళ ఫోటోలు అర్ధరాత్రి చూసి బాగుపడినవాడు లేడు.

మూడో రోజున ఒక నోటుబుక్కు తీసుకోండి. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున వరసగా అయిదు రోజులు రాయండి. అక్షర దోషాలు చూసుకోవద్దు, ఎవరికీ చూపించవద్దు. ఇంటర్వ్యూ గురించి, ఫలితం చూసిన క్షణం గురించి, నాన్న మొహం చూసినప్పుడు ఏమనిపించిందో, ఇక ముందు ఏం భయమో, అన్నీ దాచకుండా రాయండి.

ఇదేం వైద్యం అనిపించవచ్చు. దీనికీ ఒక పరిశోధన ఉంది. అమెరికాలో ఉద్యోగాలు పోయిన 63 మంది నడివయసు వారితో పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఈ పని చేయించి, 1994లో ఫలితాలు ప్రకటించారు. కొందరు ఉద్యోగం పోయినందుకు తమకు కలిగిన బాధనూ కోపాన్నీ రాశారు. కొందరు ఆ రోజు చేయబోయే పనుల పట్టిక వంటివి రాశారు. మరికొందరు ఏమీ రాయలేదు. ఎనిమిది నెలలకు మొదటి గుంపులో సగానికి పైగా మందికి పూర్తికాలపు ఉద్యోగాలు దొరికాయి. తక్కిన రెండు గుంపుల్లో పావు వంతు మందికి కూడా దొరకలేదు. వింత ఏమిటంటే, మొదటి గుంపువారు మిగిలినవారికంటే ఎక్కువ దరఖాస్తులు పెట్టలేదు, ఎక్కువ మందిని కలవలేదు. లోపలి కోపం కాగితం మీదికి దిగిపోయింది కనుక ఇంటర్వ్యూ గదిలో అది బయటపడలేదేమోనని పరిశోధకుల ఊహ.

అయితే అది కొద్దిమందితో చేసిన పరిశోధన. అందరికీ అంత ఫలితం వస్తుందని చెప్పలేం. రాసిన రోజు సాయంకాలం మనసు కొంచెం బరువెక్కడం మామూలే, ఒకటి రెండు గంటల్లో తగ్గుతుంది. మూడు రోజులు రాసినా రోజురోజుకూ కుంగిపోతున్నట్టు ఉంటే మాత్రం ఆపేయండి. అది మీకు పడని మందు.

ఆరో రోజున ఒక కాగితం మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో మీరు మార్చుకోగలిగినవి రాయండి. మనవాడి కాగితంలో అది ఇంగ్లీషులో మాట్లాడే సాధన. రెండో భాగంలో మీ చేతిలో లేనివి: ఖాళీల సంఖ్య, బోర్డు, మీ ముందు వెళ్ళిన అభ్యర్థి. మూడో భాగంలో మీకు ఎన్నటికీ తెలియనివి: వాళ్ళు మీ గురించి ఏమనుకున్నారో, ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయో. తరువాత రెండో భాగాన్నీ మూడో భాగాన్నీ మడిచేసి, మొదటి భాగాన్ని గోడకు అంటించుకోండి. మొదటి భాగంలో మూడు సంగతులకంటే ఎక్కువ ఉంటే మిమ్మల్ని మీరు శిక్షించుకుంటున్నారన్న మాట. కొట్టివేసి మూడే ఉంచండి.

ఇంట్లో వాళ్ళకు

తల్లిదండ్రులతో ఒక మాట. కుర్రవాడికి వచ్చిన ఫలితం ఒకసారి వస్తుంది. ఇంట్లో వాళ్ళ మాటలు రోజూ వస్తాయి. "పక్కింటివాడికి వచ్చింది, నీకెందుకు రాలేదు?" అన్న ప్రశ్నకు బోర్డు దగ్గరే జవాబు లేదు, అతని దగ్గర ఎక్కడుంటుంది? "పోనీలే, మళ్ళీ రాస్తావులే" అని వెంటనే తుడిచేయడమూ మంచిది కాదు. బాధపడటానికి కూడా వాడికి హక్కు లేనట్టు అవుతుంది. "బాధగా ఉంటుంది నాయనా. అన్నం తిందువు రా" అంటే చాలు. బంధువులు అడిగితే "ఈసారి జాబితాలో రాలేదు" అని మీరే చెప్పేయండి. ఆ మాట పదిమందికి చెప్పే బరువు అతని నెత్తిన వేయకండి.

అతన్ని ఖాళీగా కూర్చోనివ్వకండి; అలాగని శిక్షగా పని చెప్పకండి. కాలువకు నీళ్ళు మళ్ళించడమో, చెల్లెలికి లెక్కలు చెప్పడమో, అతను బాగా చేయగల పని ఒకటి అప్పగించండి. తాను ఇంట్లో ఒక పనికి కావలసినవాడని చేతులకు తెలిస్తే మనసుకు మెల్లగా తెలుస్తుంది.

ఎప్పుడు వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి?

మామూలు బాధ అలలాగా వస్తుంది, పోతుంది. మధ్యలో స్నేహితుడి మాటకు నవ్వు వస్తుంది, ఉగ్గాని రుచిగానే ఉంటుంది. రెండు వారాల్లో అలల మధ్య ఎడం పెరుగుతుంది. అలా కాక, రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ, రోజంతా దిగులుగా ఉండి, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోక, దానికి తోడు నిద్ర, ఆకలి చెడిపోయి, ఒళ్ళు బరువెక్కి, పుస్తకంలో ఒక పేజీ కూడా తలకెక్కక, తాను దేనికీ పనికిరానన్న మాట వదలకుండా ఉంటే అది డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు. జ్వరం వస్తే పౌరుషంతో తగ్గించుకోం కదా, ఇదీ అంతే. మాటలతో చేసే చికిత్సా ఉంది, మందులూ ఉన్నాయి. మందుల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక నాలుగు రోజులు వాడి మానేయకూడదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగవద్దు. ఆ రోజే చెప్పాలి. కుర్రవాడు ఉన్నట్టుండి తన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు హాయి" వంటి మాటలు అనడం చేస్తుంటే ఇంట్లో వాళ్ళు సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా జరగదు, పైగా చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అతన్ని ఒంటరిగా ఉంచవద్దు. సేద్యం ఉన్న ఇళ్ళలో పురుగుమందు డబ్బాలు ఇంట్లోనుంచి తీసి మరొకరి దగ్గర తాళంలో పెట్టించండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వం వారి టెలీమానస్‌లో రాత్రింబగళ్ళు, తెలుగులో, ఉచితంగా మాట్లాడేవారు ఉంటారు. ఆ సేవ 2022 అక్టోబరులో మొదలైంది.

చివరగా మన వెలుగోడు కుర్రవాడి దగ్గరికి వద్దాం. "నేను దేనికీ పనికిరాను" అన్న వాక్యం పక్కన అతను జరిగినదాన్ని జరిగినట్టు రాసుకోవాలి. అది ఇలా ఉంటుంది: "బోర్డు నన్ను తగినవాడనే అంది. నా కంటే మూడు మార్కులు ఎక్కువ వచ్చిన వాడి దగ్గర ఖాళీలు అయిపోయాయి. ఇంగ్లీషులో మాట్లాడటం సాధన చేయాలి." మూడు వాక్యాలూ నిజం. మొదట అన్నది ఒక్కటే అబద్ధం. ఏది చదువుతూ నిద్రపోవాలో అతనే తేల్చుకోవాలి. ఈ పేజీ చదువుతున్నవాళ్ళలో ఈ వారం ఫలితం చూసుకున్నవాళ్ళు ఉంటే, మీరు కూడా.